సెవరెన్స్ డబ్బు చేతికి రాకముందే బంగారం కుదువ పెట్టకండి

ప్రశ్న: "సార్, మాది కాజీపేట. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేరి నాలుగేళ్ల రెండు నెలలు. లేఆఫ్ మెయిల్ వచ్చింది. నోటీసు రెండు నెలలు, సెవరెన్స్ మూడు నెలలు అన్నారు. నెలకు 90,000 లెక్కన నాలుగున్నర లక్షలు వస్తాయి గదా. ఇప్పుడు గోల్డ్ లోన్ తీసుకుని ధర్మసాగర్ దగ్గర ప్లాట్‌కు అడ్వాన్స్ ఇచ్చి, సెటిల్‌మెంట్ రాగానే తీర్చేద్దామనుకుంటున్నా."

వద్దండి. ఆ నాలుగున్నర లక్షలు ఒకేసారి రావు, అసలు అంత రాదు కూడా. మీలాగా మెయిల్లోని నెలలను జీతంతో గుణించి అప్పుకు దిగేవాళ్లను తరచూ చూస్తున్నాను, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా.

మీరు పంపిన మెయిల్లో నోటీసు అంటే గార్డెన్ లీవ్. అంటే ఆఫీసుకు వెళ్లకపోయినా ఆ రెండు నెలలూ ఉద్యోగంలోనే ఉన్నట్టు, జీతం నెలనెలా పడుతుంది, ఇంటి ఖర్చుకూ ఈఎంఐలకూ అక్కడికక్కడే అయిపోతుంది, మిగిలేదేమీ ఉండదు. సెవరెన్స్ దగ్గర "మూడు నెలల బేసిక్" అని ఉంది. మీ పేస్లిప్‌లో బేసిక్ 36,000, కాబట్టి 1,08,000. వాడని సెలవులు 18 రోజులు, బేసిక్ మీద నెలకు 30 రోజుల లెక్కన 21,600. ఐదేళ్లు నిండలేదు గనుక గ్రాట్యుటీ లెక్కలో వేసుకోకండి. మొత్తం 1,29,600, అందులోంచి టీడీఎస్ పోతుంది, ల్యాప్‌టాప్ తిరిగివ్వకపోయినా, అడ్వాన్స్ ఏమైనా మిగిలున్నా అదీ కోస్తారు. ఎప్పుడిస్తారో మెయిల్లో లేదు, రిలీజ్ లెటర్ మీద సంతకం పెట్టాకే అని మాత్రం ఉంది. తేదీ, కోతల జాబితా హెచ్ఆర్‌తో రాతలో తెప్పించుకున్నాకే సంతకం చేయండి. వచ్చే డబ్బు కదలకుండా ఎఫ్‌డీలో ఉండాలి, కొత్త ఉద్యోగం దొరికేదాకా ఇల్లు నడిపేది అదే. చిట్టీ నష్టానికి పాడుకోవడం, పీఎఫ్ తీయడం కూడా ఇప్పుడు వద్దు.

మీరు అడగని దాని గురించే నాకు ఎక్కువ టెన్షన్. అమ్మగారికి షుగర్ అన్నారు, ఆమెకున్నది కంపెనీ ఇన్సూరెన్స్ ఒక్కటే. అది సాధారణంగా లాస్ట్ వర్కింగ్ డేతోనే ఆగిపోతుంది, సెవరెన్స్ మూడు నెలలకు ఇచ్చారు కదా అని కవర్ మూడు నెలలు ఉండదు. తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారితే ఇన్నాళ్ల కవర్ ఆ వెయిటింగ్‌లోంచి తగ్గుతుంది. వాళ్లు ఆరోగ్యం చూసి కాదనే అవకాశమూ ఉంది, అందుకే గార్డెన్ లీవ్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి, కాదంటే వేరే కంపెనీని అడగడానికి టైమ్ ఉంటుంది. ప్రీమియం ఈ రెండు జీతాల్లోంచే కట్టండి. ఆఫీస్ మెయిల్ ఆపేయకముందే పేస్లిప్‌లు, హెల్త్ కార్డు, పాలసీ నంబరు సొంత మెయిల్‌కు దించుకోండి.