స్ట్రిక్ట్ మేనేజర్, క్యాలిబ్రేషన్ మీటింగ్

"మా మేనేజర్ అప్రైజల్‌లో దాదాపు అందరికీ 5కి 3 వేస్తాడు. పక్క టీమ్‌లో 4లు, 5లే. మేనేజర్లంతా కూర్చుని రేటింగులు పోల్చి చూసుకునే క్యాలిబ్రేషన్ మీటింగ్‌లో దీన్ని నిజంగా సరిచేస్తారా?"

సరిచేస్తారు, కానీ సగటు చూసి కాదు. అలా చేసేచోట న్యాయం జరగదు.

పదేసి మంది ఉన్న రెండు టీమ్‌లు అనుకోండి. స్ట్రిక్ట్ మేనేజర్ ఒకరికి 4, ఏడుగురికి 3, ఇద్దరికి 2 వేశాడు. సగటు 2.9. పక్కాయన ఇద్దరికి 5, ఐదుగురికి 4, ముగ్గురికి 3 వేశాడు. సగటు 3.9. తేడా ఒక పాయింటే కదా అని మొదటి టీమ్‌లో అందరికీ ఒక్కో పాయింట్ కలిపేస్తే, నిజంగా పని చేయని ఆ ఇద్దరూ 3కి ఎక్కేస్తారు. పైగా ఆ టీమ్ నిజంగానే వెనకబడిందా, మేనేజర్ చెయ్యే బిగువా అన్నది తేలనే తేలదు.

అది తేలాలంటే ఒకే ఉద్యోగ గ్రేడ్ వాళ్లని పక్కపక్కన పెట్టాలి. ఇక్కడ 3 వచ్చినవాళ్లలో పైన ఉన్న వ్యక్తి, అక్కడ 4 వచ్చినవాళ్లలో కింద ఉన్న వ్యక్తి. పేర్లు, రేటింగులు తీసేసి ఇద్దరి పనీ నాలుగేసి లైన్లలో చదవాలి. మొదటావిడ పేమెంట్స్ మాడ్యూల్ ఒంటిచేత్తో నడిపింది, ఆర్నెల్లలో ప్రొడక్షన్‌లో ఒక్క పెద్ద బగ్గూ లేదు, ఇద్దరు ఫ్రెషర్లకి పని నేర్పింది. రెండో ఆయన అంతే సైజు మాడ్యూల్‌లో మూడు రిలీజులు చేశాడు, ఒకటి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మిగతా మేనేజర్లు మొదటావిడకే ఎక్కువ వేస్తే, తప్పు కొలబద్దలో ఉన్నట్టే.

అప్పుడు స్ట్రిక్ట్ మేనేజర్ సాధారణంగా అనే మాట "అది ఆమె పనే కదా". అసలు చిక్కు అక్కడే. ఆయన ఆమెని పై గ్రేడ్ పనితో కొలుస్తున్నాడు. ఆమె గ్రేడ్‌కి కంపెనీ రాసుకున్న బాధ్యతల కాగితం తీసి టేబుల్ మీద పెడితే, ఫ్రెషర్లకి నేర్పడం అందులో లేదని ఆయనకే కనిపిస్తుంది. 3 కాస్తా 4 అవుతుంది. అదే కాగితంతో పక్కాయన 4 కూడా 3కి దిగొచ్చు. హైక్ బడ్జెట్ ముందే ఫిక్స్ కాబట్టి, ఈ రెండోది చేయకపోతే మొదటిది మాటల్లోనే మిగిలిపోతుంది.

ఇవన్నీ కుదరాలంటే ఆ నాలుగేసి లైన్లున్న షీట్ రెండు మూడు రోజుల ముందే అందరికీ అందాలి. మీటింగ్ రోజు పొద్దున పంపితే ఎవరూ చదవరు, బాగా మాట్లాడే మేనేజర్ టీమ్ గెలుస్తుంది. ఐదుగురున్న టీమ్‌లో "టాప్ 10 శాతం" వెతకడం ఇంకా ఘోరం. అది అర మనిషి! ఏ రేటింగ్ ఎంత శాతం మందికో ముందే లెక్కగట్టే బెల్ కర్వ్ తప్పదంటే కనీసం నలభై, యాభై మందిని కలిపి చూడాలి.

మీ వరకూ వస్తే, మీ మేనేజర్ ఆ గదిలో చదివే నాలుగు లైన్లు చాలావరకు మీ సెల్ఫ్ అప్రైజల్ నుంచే వస్తాయి. "బాగా సపోర్ట్ చేశాను" అని రాస్తే పక్క టీమ్‌తో పోల్చడానికి ఏమీ దొరకదు. ఏ మాడ్యూల్, ఎన్ని రిలీజులు, ఏం విరిగింది, ఎవరు సరిచేశారు, అవి రాయండి. ఏడాది మధ్యలో టీమ్ మారి ఉంటే పాత మేనేజర్ దగ్గర ఇప్పుడే రెండు లైన్లు రాయించుకోండి. మీటింగ్‌లో ఆయన ఉండకపోవచ్చు.