వీల్ స్ట్రాటజీ ఎక్కడ ఇరుక్కుంటుంది?

"మాది భీమవరం దగ్గర. రొయ్యల పట్టుబడి డబ్బు మళ్లీ సీడ్ వేసేదాకా ఖాళీగానే ఉంటుంది. వీల్ పద్ధతిలో పుట్లు అమ్మి, షేర్లు వస్తే కాల్స్ అమ్ముకుంటే నెలనెలా ప్రీమియం వస్తుందట. దెబ్బ ఎక్కడ తగులుతుందండీ?"

షేరు బాగా పడ్డాక, కాల్ అమ్మే దశలోనండి. ఊహకు ఒక లెక్క చూడండి. షేరు 400, లాట్‌కి 1000 షేర్లు. మీరు 390 పుట్ అమ్మితే, అంటే షేరు పడినా 390కి కొంటానని ఒప్పుకుంటే, షేరుకు 8 రూపాయలు వచ్చింది. ఎక్స్‌పైరీకి షేరు 350కి పడింది. స్టాక్ ఆప్షన్లలో డెలివరీ తప్పదు కాబట్టి 3,90,000 కట్టి షేర్లు తీసుకోవాలి. ప్రీమియం తీసేస్తే మీకు పడిన ధర 382.

ఇప్పుడు 390 కాల్‌కి, అంటే షేరు లేచినా 390కే ఇస్తానన్న ఒప్పందానికి, రూపాయి కూడా సరిగా రాదు. 360 కాల్‌కి 7 వస్తుంది, చాలామంది ఆశపడేది ఇక్కడే. తర్వాతి నెల షేరు మళ్లీ 400కి లేచినా మీరు 360కే ఇచ్చేయాలి. రెండు ప్రీమియంలు కలుపుకున్నా షేరుకు 15 నష్టం, అంటే లాట్‌కి 15,000. షేరు మొదటి ధరకే వచ్చింది, డబ్బు మాత్రం పోయింది!

మీకు పడిన 382 కంటే కింద కాల్ అమ్మకుండా ఆగొచ్చు, కానీ అందుకు నెలల ఓపిక కావాలి. సీడ్‌కీ మేతకీ కావలసిన డబ్బుకి ఆ ఓపిక ఉండదు. దాన్ని ఇందులో పెట్టకండి.