సందేహాలు – సమాధానాలు: చావు జరిగిన ఇంటికి ‘పోయొస్తా’ అని రాయవచ్చా?

సందేహం: నేను హోమ్ నర్సును. నల్లగొండలో ఒక ఇంట్ల ఎడమ పక్క పడిపోయిన అవ్వను పదకొండు నెలలు చూసుకున్న. రెండు గంటలకోసారి పక్క మార్చేదాన్ని. మార్చినప్పుడల్లా కుడి చేత్తో నా చెయ్యి పట్టుకొని ‘మెల్లగ బిడ్డా’ అనేది. పోయిన నెల అవ్వ చనిపోయింది. దినాలు అయిపోయినయి. ఆమె కొడుకు, కోడలికి వాట్సాప్‌లో పెట్టాలని ఇట్ల రాసుకున్న: ‘మీ పేషంటు గారికి సేవలు అందించే అవకాశం కల్పించినందుకు ధన్యవాదాలు. పేషంటు ఎక్స్‌పైర్ అయినందుకు చింతిస్తున్నాను. నా వల్ల ఏమైనా తప్పులు జరిగి ఉంటే క్షమించగలరు. మళ్లీ అవసరమైతే పిలవండి. పోయొస్తా.’ చదివితే బ్యాంకు లెటర్ లెక్క ఉన్నది. ‘పోయొస్తా’ అనొచ్చా? సరిచేయండి.
— ఒక హోమ్ నర్సు, మిర్యాలగూడ

సమాధానం: అమ్మా, మీ మెసేజ్‌లో లేని మంచి తెలుగు మీ ఉత్తరంలోనే ఉంది. ‘చూసుకున్న’ అని నాకు రాశారు, వాళ్లకు మాత్రం ‘సేవలు అందించే’ అని రాశారు. మొదటిదే సరైన మాట. డాక్టరు రోగిని చూస్తారు. నర్సు చూసుకుంటుంది. ఈ తేడా అంతా ‘కొను’ అనే చిన్న క్రియలో ఉంది. వండడం వేరు, వండుకోవడం వేరు. ‘కొను’ చేరితే ఆ పని చేసేవాళ్ల మీదికి వస్తుంది. ఇల్లు చూసుకుంటుంది, పిల్లలను చూసుకుంటుంది అన్నప్పుడు, ఆ బాధ్యతను తన మీద వేసుకుందని అర్థం. మీరు చేసిన పనికి ఇంతకంటే సరిపోయే క్రియ తెలుగులో లేదు. ‘సేవ చేసింది’ అనేది మీ గురించి ఆ ఇంటివాళ్లు అనాల్సిన మాట. మన పనిని మనమే సేవ అని చెప్పుకుంటే, ఎంత వినయంగా చెప్పినా కొంచెం గొప్పగా వినిపిస్తుంది.

‘ఎక్స్‌పైర్ అయ్యారు’ అనేది ఆస్పత్రి వార్డుల్లో రోజూ వినే మాట. డ్యూటీ మారేటప్పుడు నర్సులు ఒకరికొకరు చెప్పుకోవడానికి పనికొస్తుంది కానీ, ఇంట్లో మందుల డబ్బా మీద కూడా అదే మాట ఉంటుంది. తల్లిని పోగొట్టుకున్నవాళ్లు దాన్ని మీ నోట వినకూడదు. దాని బదులు ‘కాలం చేశారు’, ‘పరమపదించారు’ అని పెట్టాలా అని ఆలోచించకండి. పరమపదం వైష్ణవుల మాట, అందరి ఇళ్లకూ నప్పదు. అసలు ఆ వార్త వాళ్లకు మీరు చెప్పాల్సింది కాదు కాబట్టి చావు అనే క్రియే అక్కర్లేదు. ‘పేషంటు’ కూడా తీసేయండి. నెలల తరబడి ‘అవ్వా’ అని పిలిచి, ఇప్పుడు ‘పేషంటు గారు’ అంటే ఆమెను దూరం పెట్టినట్లు ఉంటుంది. ‘మీ అవ్వ’ అంటే మీరు పరాయివారవుతారు, ‘మన అవ్వ’ అంటే కన్నకొడుకు దుఃఖంలో సమాన వాటా అడిగినట్లవుతుంది. ఉట్టి ‘అవ్వ’ అనండి, చాలు. ‘గారు’ చేర్చనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ‘మెల్లగ బిడ్డా అనేది’ అని రాశారు కదా, ‘అన్నది’ అని రాయలేదు. ‘అన్నది’ అంటే ఒకసారి జరిగి అయిపోయింది. ‘అనేది’ అంటే రోజూ జరిగింది, ఇక జరగదు. అలవాటుగా జరిగి ఆగిపోయినదాన్ని చెప్పడానికే తెలుగులో ఈ రూపం ఉంది. మన దిక్కు ‘అంటుండె’, ‘అనేటిది’ అని కూడా అంటాం. మీ మెసేజ్ మొత్తానికి ఇలాంటి వాక్యాలు రెండు ఉంటే సరిపోతుంది. ‘చింతిస్తున్నాను’ అనే మాట ఎవరైనా రాయగలరు. పక్క మార్చేటప్పుడు అవ్వ ఏమనేదో మీరొక్కరే రాయగలరు. పైగా రాత్రి రెండింటికి పక్క మార్చేటప్పుడు కొడుకు, కోడలు నిద్రలో ఉండి ఉంటారు. ఆ మాట వాళ్లు ఎన్నడూ విని ఉండకపోవచ్చు. అది వాళ్లకు ఇవ్వండి. అయితే ఏ వాక్యం ఎంచుకోవాలో చూసుకోండి. నొప్పి, పుండ్లు, ముక్కు గొట్టం, ఆఖరి రాత్రి ఆయాసం గురించి ఈ రూపంలో రాస్తే, బాధ రోజూ ఉండేదని మళ్లీ గుర్తుచేసినట్లవుతుంది.

మీ ముసాయిదాలో నాకు నిజంగా భయం కలిగించిన వాక్యం ‘తప్పులు జరిగి ఉంటే’ అన్నది. పని మానేటప్పుడు మామూలుగా అనే మర్యాద మాటే, బతికి ఉన్న మనిషి ఇంట్లో అయితే తప్పు లేదు. కానీ ఇక్కడ ఆ మనిషి లేదు. ‘ఇంకా ముందే హైదరాబాద్ తీసుకపోవాల్సి ఉండెనా’ అని వాళ్లు అప్పటికే లోలోపల నలుగుతుంటారు. నర్సే ‘తప్పులు జరిగి ఉంటే’ అని రాస్తే, మందులో తప్పు జరిగిందేమో అనే కొత్త అనుమానం పుడుతుంది. ఫ్యామిలీ గ్రూపులో పెడితే చుట్టాలు కూడా చదువుతారు, కాబట్టి వాళ్లిద్దరికే పంపండి. మీరు క్షమించమని అడగదలచింది ఎప్పుడైనా గట్టిగా అన్న మాట గురించే అయితే, ‘తప్పులు’ అనకుండా ఆ మాట గురించే రాయండి.

‘మళ్లీ అవసరమైతే పిలవండి’ పూర్తిగా తీసేయండి. ఆ ఇంట్లో ఇంకొకరు మంచం పట్టాలని అన్నట్లు ఉంటుంది.

ఇక ‘పోయొస్తా’. కోస్తావాళ్లు ‘వెళ్లొస్తా’ అన్నా, మనం ‘పోయొస్త’ అన్నా వెనక ఉన్న ఆలోచన ఒకటే: పోవడం ఒక్కటే చెప్పి ఆపకూడదు, రావడం కూడా చెప్పాలి. మన దిక్కు ‘ఊరికి పోతున్న’ అని రోజూ అంటాం కానీ, గడప దాటేటప్పుడు మాత్రం ‘పోయొస్త’ అనే అంటాం. అవ్వ కోలుకొని, మీరు డ్యూటీ ముగించుకొని బయల్దేరి ఉంటే ఈ మాటే రాయమని చెప్పేవాణ్ని. కానీ చావు పలకరింపుకు పోయినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ‘పోయొస్తం’ అనరు, చెప్పకుండానే లేచి వస్తారు. మళ్లీ ఇలాంటి పని మీద రావడం ఎవరూ కోరుకోరు. దినాలు అయిపోయినా మీరు ఆ ఇంటికి చేరింది జబ్బు వల్లే కాబట్టి, ఈ మెసేజ్‌లో ఆ మాట వద్దు. ‘ఇక సెలవు’ కూడా వద్దు. పేపర్లలో పెద్దవాళ్లు పోయినప్పుడు అదే హెడ్డింగ్ పెడతారు. ‘సెలవు ఇప్పించండి’ అనండి. సెలవు అంటే అనుమతి కూడా. అనుమతి అడిగితే పోవడం గురించి, రావడం గురించి చెప్పాల్సిన పని ఉండదు.

మీ మాటలతోనే ఇలా కూర్చాను. వస్తువుల వాక్యం మాత్రం నేను ఊహించి పెట్టాను, అక్కడ మీరు నిజంగా ఏవి ఎక్కడ పెట్టారో రాసుకోండి:

‘అక్కా, అన్నా, నమస్తే. అవ్వను చూసుకునే పని నన్ను నమ్మి అప్పగించారు. రాత్రి పక్క మార్చినప్పుడల్లా అవ్వ కుడి చేత్తో నా చెయ్యి పట్టుకొని “మెల్లగ బిడ్డా” అనేది. నన్ను బిడ్డా అనే పిలిచేది. ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది. ఇన్ని నెలల్లో నేనెప్పుడైనా గట్టిగా మాట్లాడితే మనసులో పెట్టుకోకండి. మిగిలిన మందులు, బీపీ రాసిన నోట్‌బుక్ అల్మారా పై అరలో ఉన్నాయి. ఎయిర్ బెడ్ పంపు మంచం కింద పెట్టాను. నాకు సెలవు ఇప్పించండి.’

మందుల వాక్యం ఇంత ఆప్యాయమైన మాటల మధ్య ఎందుకని తీసేయకండి. ఇన్సులిన్, నిద్ర మాత్రల్లాంటివి మిగిలి ఉంటే, అవి ఎక్కడున్నాయో వాళ్లకు తెలియాలి. ‘ధన్యవాదాలు’ లేదని కూడా వెలితి పడకండి. ‘నన్ను నమ్మి అప్పగించారు’ అన్నదాంట్లోనే అది ఉంది.