ల్యాప్‌టాప్ హింజ్ ఊడితే ‘ఫిజికల్ డ్యామేజ్’ అన్నవాళ్ళకు ఏం జవాబివ్వాలి

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొని ఏడు నెలలైంది. మొన్న మూత తెరుస్తుంటే ఎడమ హింజ్ దగ్గర టప్‌మని శబ్దం వచ్చి ప్లాస్టిక్ విచ్చుకుంది. నా చేతిలోంచి ఎప్పుడూ పడలేదు. అమ్మినవాళ్ళేమో ‘ఇది కస్టమర్ డ్యామేజ్, వారంటీ రాదు’ అంటున్నారు. తయారీ లోపమే అని ఎలా వాదించాలి?

జవాబు: ముందు ఆ మూతను తెరవడం, మూయడం ఆపేయండి. స్క్రీన్‌కి వెళ్ళే కేబుల్ సాధారణంగా హింజ్ పక్కనుంచే పోతుంది. అది నలిగి డిస్‌ప్లే కూడా పోయిందంటే మీ కేసు ఇంకా చిక్కుపడుతుంది. జిగురు పెట్టి అతికించే ప్రయత్నం అస్సలు చేయకండి, మీకున్న సాక్ష్యం ఆ విరిగిన ప్లాస్టిక్కే. ఇప్పుడు ఎలా ఉందో అలాగే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి, నాలుగు మూలలూ దగ్గరగా కనపడేలా. మూలలకు దెబ్బ లేదని చూపించే ఫొటోలు విరిగిన చోటు ఫొటోల కంటే ఎక్కువ పనికొస్తాయి. ఎందుకో కింద చెబుతాను.

నాకూ ఇదే జరిగింది, కొన్న పదకొండో నెలలో, కుడి వైపు హింజ్‌తో. సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ దగ్గరున్న అతను మూత ఒకసారి కదిపి చూసి, జాబ్ షీట్ మీద ‘ఫిజికల్ డ్యామేజ్, సీఐడీ’ అని రాసేశాడు. సీఐడీ అంటే కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్. నాకు ఒళ్ళు మండిపోయింది. పావుగంట సేపు ‘నేను పడేయలేదు, కావాలంటే ఇంట్లో అడగండి’ అంటూ వాదించాను. ఆ మాటకు విలువేమీ లేదని తర్వాత అర్థమైంది. పడేసినవాడూ అదే చెబుతాడు కదా. మీరు ఏం చేయలేదో నిరూపించడానికి దిగితే ఓడిపోతారు. ఆ ప్లాస్టిక్ ఎందుకు విరిగిందో వాళ్ళ చేత చెప్పించాలి.

‘ఫిజికల్ డ్యామేజ్’ అనేది కారణం కాదు. విరిగిన వస్తువు విరిగి ఉందని చెప్పడమే అది. బలహీనమైన ప్లాస్టిక్ దానంతటది విరిగినా, నేలకేసి కొట్టినా, రెండూ ఫిజికల్ డ్యామేజే. అందుకని నేను అడిగిన మొదటి సరైన ప్రశ్న ఇది: ‘ఏ దెబ్బ వల్ల విరిగింది? ఆ దెబ్బ తగిలిన గుర్తు ఎక్కడుంది? చూపించండి.’ అతను పగులునే చూపించాడు. పగులు ఫలితం, నేను అడిగింది దెబ్బ గుర్తు అన్నాను. బయట ఎక్కడా సొట్ట లేదు, గీత లేదు.

ఇక్కడ లోపల ఏముంటుందో తెలిస్తే మీ వాదన చాలా తేలికవుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో హింజ్ లోహంతో చేస్తారు, గట్టిగానే ఉంటుంది. దాన్ని బిగించేది మాత్రం ప్లాస్టిక్ బాడీకి, అంటే కీబోర్డు చుట్టూ ఉండే సి ప్యానెల్‌కి. ప్లాస్టిక్‌లో నేరుగా బిగిస్తే స్క్రూ అంత గట్టిగా నిలవదు కాబట్టి, లోపల చిన్న చిన్న స్తంభాల్లాంటివి పోతపోసి, వాటిలో ఇత్తడి నట్లు పొదుగుతారు. హింజ్ స్క్రూలు ఆ నట్లలోకి బిగుస్తాయి. మూత తెరిచిన ప్రతిసారీ హింజ్ బిగువంతా ఆ కొద్ది నట్ల మీద, వాటిని పట్టుకున్న పలుచని ప్లాస్టిక్ మీద పడుతుంది. హింజ్ అవసరానికి మించి బిగుసుగా ఉన్నా, ప్లాస్టిక్ పలుచగా ఉన్నా ఆ స్తంభాలకు లోపలే సన్నని పగుళ్ళు మొదలై, వారాల తరబడి పెరిగి, ఒకరోజు నట్లు ప్లాస్టిక్ ముక్కలతో సహా ఊడి వస్తాయి. మీకు వినపడిన ‘టప్’ శబ్దం బహుశా అదే.

ఇలా విరిగేది ఒక్క రోజులో జరగదు, ముందే సూచనలిస్తుంది. నా దాంట్లో రెండు మూడు వారాల ముందు నుంచే మూత తీయడానికి ఎక్కువ బలం పెట్టాల్సి వచ్చేది. కింద భాగాన్ని రెండో చేత్తో నొక్కి పట్టుకుంటే గానీ లేచేది కాదు. తెరిచేటప్పుడు కుడి వైపు కింది కవర్‌కీ పైదానికీ మధ్య సందు వెంట్రుకవాసి తెరుచుకుని, మూసేస్తే మళ్ళీ కలిసిపోయేది. మీకూ ఇలాంటివి గుర్తుంటే తేదీలతో సహా ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ రోజుల్లో ఎవరికైనా మెసేజ్ పెట్టి ఉంటే అదీ దాచండి. ఉన్నదే రాయండి, లేనిది కలపొద్దు.

నా విషయంలో మలుపు తిరిగింది కింది కవర్ విప్పినప్పుడు. ‘నా ముందే విప్పండి, ఫొటోలు తీసుకుంటాను’ అని పట్టుబట్టాను. కాస్త విసుక్కున్నా చివరికి ఒప్పుకున్నారు. విప్పి చూస్తే కుడి హింజ్ లోహం చెక్కుచెదరలేదు, వంగలేదు. మూడు స్క్రూలూ ఇత్తడి నట్లలో బిగుసుకునే ఉన్నాయి. ఆ నట్లు మాత్రం సి ప్యానెల్‌ని వదిలేసి, చుట్టూ ప్లాస్టిక్ ముక్కలతో సహా హింజ్‌కే వేలాడుతున్నాయి. అడుగున ఇసుకలాగా ప్లాస్టిక్ పొడి రాలి ఉంది. అంతవరకు చూసి నేను ఊరుకుని ఉండేవాణ్ణే. ఎందుకో ఎడమ వైపు కూడా లైట్ వేసి చూడమన్నాను. అది ఇంకా విరగలేదు, మూత ఆ పక్క మామూలుగానే పనిచేస్తోంది. కానీ ఒక నట్టు చుట్టూ ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి, దాని అంచున వెంట్రుకంత పగులు కనిపించింది, సరిగ్గా కుడి వైపు విరిగిన చోటే.

నా కేసు నిలబడింది ఆ తెల్లటి చార మీదే. కింద పడితే దెబ్బ సాధారణంగా ఒక మూలకు తగులుతుంది. బయట గుర్తు పడుతుంది, పగులు అక్కణ్ణుంచి లోపలికి పాకుతుంది. రెండు పక్కలా ఒకే చోట, బయట గీత కూడా లేకుండా, లోపలి నట్ల దగ్గరే పగుళ్ళు పుట్టాయంటే అది రోజూ తెరిచి మూసే బరువును ఆ ప్లాస్టిక్ తట్టుకోలేకపోవడమే. ల్యాప్‌టాప్ మూత తెరవడానికే ఉంది, అది దుర్వినియోగం కాదు. కాబట్టి మీరు కూడా విరగని రెండో హింజ్‌ని తప్పకుండా చూపించమనండి. అక్కడ ఏమీ లేకపోయినా మీ వాదన పోదు. ఉంటే మాత్రం వాళ్ళకు చెప్పడానికి పెద్దగా మిగలదు.

ఆ తర్వాత ఫోన్లు మానేసి ఈమెయిల్ పెట్టాను. కోపం లేకుండా, ఇంత చిన్నగా:

‘మీ జాబ్ షీట్‌లో ఫిజికల్ డ్యామేజ్ అని రాశారు. నాలుగు మూలల ఫొటోలు జత చేశాను, ఎక్కడా దెబ్బ గుర్తు లేదు. హింజ్ లోహం వంగలేదు, స్క్రూలు నట్లలోనే ఉన్నాయి, నట్లే ప్యానెల్ నుంచి ఊడాయి. విరగని ఎడమ హింజ్ దగ్గర కూడా అదే చోట పగులు మొదలైంది. ఇది మామూలు వాడకంలో వచ్చిన లోపమని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే, ఏ దెబ్బ వల్ల విరిగిందో, దాని గుర్తు ఎక్కడుందో, పరిశీలించింది ఎవరో, వారంటీలో ఏ షరతు కింద నిరాకరిస్తున్నారో ఫొటోలతో రాతపూర్వకంగా తెలపండి.’

చివరి వాక్యం ముఖ్యం. నోటితో ‘రాదు సార్’ అనడం తేలిక. కారణం రాసి పేరు పెట్టాలంటే ఎవరో ఒకరు నిజంగా ఆ ఫొటోలు చూడాలి. నాకు మొదట పాత జవాబే కాపీ చేసి పంపారు. ‘నా ప్రశ్నలకు ఇందులో జవాబు లేదు’ అని ఒక్క లైను రాసి అదే మెయిల్ మళ్ళీ పంపాను. తొమ్మిది రోజులకు పై స్థాయి నుంచి ఫోన్ వచ్చింది.

ఈలోగా వాళ్ళు డబ్బు కట్టి బాగు చేయించుకోమని ఎస్టిమేట్ ఇస్తారు. దాని కింద చిన్న అక్షరాల్లో ‘కస్టమర్ డ్యామేజ్ అని అంగీకరిస్తున్నాను’ అనే అర్థం వచ్చే లైను ఉందేమో చూడకుండా సంతకం పెట్టకండి. నాకిచ్చిన కాగితంలో ఉంది. పాత విరిగిన ప్యానెల్ కూడా వివాదం తేలేదాకా మీకే తిరిగివ్వాలని ముందే రాయించుకోండి. అది చెత్తలో పడిందంటే మిగిలేది మీ మాట, వాళ్ళ మాట మాత్రమే.

మీ వాదన నిలబడని సందర్భాలూ చెప్పాలి. మూలన సొట్ట ఉండి పగులు అక్కణ్ణుంచే బయల్దేరితే, స్క్రీన్ గాజు కూడా చిట్లితే, హింజ్ లోహమే మెలిపడితే, వెనక్కి అతిగా వంచినట్టు అంచు నలిగిన గుర్తు ఉంటే, బయట ఎక్కడో విప్పించి స్క్రూలు తక్కువగా ఉంటే, వాళ్ళ మాటకే బలం. ఎప్పుడో ఒకసారి పడి ఉంటే దాచకండి. ‘ఫలానా అప్పుడు కుడి మూల తగిలింది, ఆ గుర్తు ఇదిగో, విరిగింది ఎడమ లోపలి భాగం’ అని మీరే చెబితే అది అడ్డం రాదు. దాచి దొరికిపోతే మిగతా నిజాలనూ నమ్మరు.

వాళ్ళు కదలకపోతే బయటి నిపుణుడి చేత పరిశీలన నివేదిక రాయించాలి. విప్పే ముందు ‘ఫలానా రోజు, ఫలానా చోట విప్పి చూడబోతున్నాం, మీరూ రావచ్చు’ అని అమ్మినవాళ్ళకు మెయిల్ పెట్టండి. అప్పుడు ‘బయట విప్పించారు కాబట్టి పాడైంది’ అనే మాటకు చోటుండదు. నివేదికలో ‘తయారీ లోపం’ అన్న మాట ఒక్కటే ఉంటే చాలదు. పగులు ఎక్కడ మొదలైంది, బయట దెబ్బ ఉందా లేదా, రెండో పక్క ఎలా ఉంది అనే మూడూ రాయించండి.

నిరూపించే భారం ఎవరిదో మీరున్న దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో వస్తువు అందిన ఏడాదిలోపు బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని చూపించాల్సింది అమ్మినవాళ్ళు. బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం ఆ గడువు ఆరు నెలలు, కాబట్టి ఏడో నెలలో భారం కొన్నవాళ్ళ మీదికి వస్తుంది. భారత్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, పరీక్ష చేస్తే తప్ప లోపం తేలని వస్తువును కమిషన్ ల్యాబ్‌కి పంపించవచ్చు. విరిగిన ముక్కలు దాచమని ఇంతగా చెబుతున్నది అందుకే.

నా కథ చివరికి ఇలా తేలింది. సి ప్యానెల్, రెండు హింజ్‌లూ ఉచితంగా మార్చారు. తయారీ లోపమని మాత్రం రాయలేదు, ‘ప్రత్యేక సందర్భంగా మంజూరు’ అని రాశారు. నేను ఒప్పుకున్నాను గానీ ఒక్క షరతు పెట్టాను: జాబ్ షీట్‌లో నా సీరియల్ నంబర్ మీద ఉన్న సీఐడీ రిమార్క్ తీసేయాలి. అది అలాగే ఉంటే రేపు కీబోర్డు పోయినా, బోర్డు పోయినా ‘ఇదివరకే డ్యామేజ్ ఉంది’ అని దాన్నే చూపిస్తారు. మార్చిన కాగితం చేతికొచ్చాకే మెషీన్ తీసుకున్నాను. మీకు బాగు చేసి ఇస్తామన్నా సరే, ఆ లైను సంగతి అడగకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.