అక్కడి గంట కాదు, ముందు అక్కడి వారం చూడండి

ప్రశ్న: కాలిఫోర్నియా మనకంటే పదమూడు గంటలు వెనక అంటారు. గంటల లెక్క సరిగ్గానే వేస్తున్నాను కానీ అక్కడ ఏ వారం, ఏ తేదీ అన్నది మాత్రం ప్రతిసారీ తప్పుతోంది. సులువైన దారి ఏమైనా ఉందా?

ఉందండీ. ఆ దారి తెలియక మా ఇంట్లో ఒక గృహప్రవేశం సగం పాడైంది, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ముందు ఆ పదమూడు సంగతి. మనకు సరిగ్గా పదమూడు గంటలు వెనక నడిచే ఊరే లేదు. మన గడియారంలో ఆ అరగంట ఉంది కదా, దాంతో కాలిఫోర్నియా చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. "పదమూడు" అనేది ఈ రెండింటికీ మధ్యన మనవాళ్ళు చేసుకున్న రాజీ. అది ఏ రోజూ నిజం కాదు.

ఇక మా కథ. మేం బెంగళూరులో హొరమావు దగ్గర ఫ్లాట్ కొన్నాం. 2025 ఫిబ్రవరి 7, శుక్రవారం, తెల్లవారుజామున 4:20కి ముహూర్తం పెట్టారు పంతులుగారు. ఆయన కాగితం మీద రాసిచ్చింది మాత్రం "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని. మన పద్ధతిలో సూర్యోదయం అయ్యేదాకా వారం మారదు కాబట్టి ఆయన రాసింది తప్పు కాదు. అమ్మ ఆ వివరమంతా ఎందుకని అక్కకు ఫోన్‌లో "శుక్రవారం పొద్దున నాలుగూ ఇరవైకి, వీడియోలో ఉండాలి" అని చెప్పింది. అక్కావాళ్ళు ఉండేది శాన్ హోసేలో.

బావ మనిషి మంచివాడే, లెక్కల్లో మాత్రం తనకు తిరుగులేదనుకుంటాడు. 4:20లోంచి పదమూడున్నర తీయడం కుదరదు కాబట్టి అందరూ చేసే పనే చేశాడు. ఉదయాన్ని సాయంత్రం చేశాడు, అందులోంచి గంటన్నర తీసేశాడు, మధ్యాహ్నం 2:50 వచ్చింది. గంట అక్షరాలా సరైనదే. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ సెలవు పెట్టేసుకున్నారు.

తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. ఉదయం నాలుగుని సాయంత్రం నాలుగు చేసినప్పుడు మన మనసు ఆ రోజు సాయంత్రానికే వెళ్తుంది. అంటే పన్నెండు గంటలు వెనక్కి వెళ్ళాల్సింది పోయి పన్నెండు గంటలు ముందుకు వెళ్ళాం. గడియారం ముళ్ళకు రెండూ ఒకటే. వారానికి మాత్రం ఒక రోజు తేడా. అందుకే గంట ఎప్పుడూ సరిపోతుంది, తేదీ ఎప్పుడూ తప్పుతుంది. మీకు జరుగుతున్నదీ ఇదేనని నా నమ్మకం.

ఆ రోజు ఆవును, దూడను అపార్ట్‌మెంట్ గేటు లోపలికి రానివ్వడానికి సెక్యూరిటీ అతనితో అరగంట గొడవైంది. చివరికి పార్కింగ్‌లోనే పూజ చేసి, పైకి వచ్చి, పాలు పొంగించే సమయానికి అమ్మ అక్కకు వీడియో కాల్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మూడోసారి ఎత్తకపోయేసరికి పాలు పొంగిపోయాయి. అక్కకు అక్కడ గురువారం మధ్యాహ్నం 2:50. ఆఫీసు మీటింగ్‌లో కూర్చుని ఉంది పాపం. తర్వాత మెసేజ్ పెట్టింది, "ఎందుకమ్మా అన్నిసార్లు చేశావు? రేపే కదా?" అని.

అమ్మ అలిగి దానికి జవాబివ్వలేదు. నేనేమో భోజనాల హడావిడిలో పడి చూసుకోలేదు. దాంతో ఆ రాత్రి, అంటే శనివారం తెల్లవారుజామున నాలుగూ పావుకి, రెండు రోజుల అలసటతో అందరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంటే ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు అమెరికా నుంచి ఫోన్ వస్తే పెద్దవాళ్ళకు ఏ ఆలోచన వస్తుందో మీకు తెలుసు. అమ్మ వణుకుతూ ఎత్తింది. తెర మీద పట్టుచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని అక్క. పక్కన పంచెలో బావ. "ఏంటత్తయ్యా, ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నాడు.

సరే, లెక్క. గంటను పక్కన పెట్టి ముందు రోజు తీసేయండి. శుక్రవారం 4:20 అంటే గురువారం 4:20 అని రాసుకోండి. ఇప్పుడు దానికి పదిన్నర గంటలు కలపండి. గురువారం మధ్యాహ్నం 2:50. అయిపోయింది. ఇరవై నాలుగు తీసి పదిన్నర కలిపితే పదమూడున్నర తీసినట్టే కదా. తేడా ఏమిటంటే, ఇందులో ఉదయాన్ని సాయంత్రం చేయాల్సిన పని లేదు, వారం మొదటే కాగితం మీద పడిపోతుంది. కలిపినప్పుడు అర్ధరాత్రి దాటితే మళ్ళీ మన తేదీకే వస్తారు. మన శుక్రవారం సాయంత్రం అయిదు తీసుకోండి. గురువారం సాయంత్రం అయిదుకు పదిన్నర కలిపితే శుక్రవారం తెల్లవారుజాము మూడున్నర. వేసవిలో పదిన్నర బదులు పదకొండున్నర కలపాలి.

వారం ఒక్కటే కావాలంటే ఇంత కూడా అక్కర్లేదు. చలికాలంలో మనకు మధ్యాహ్నం ఒకటిన్నర దాకా వాళ్ళది నిన్ననే. ఒకటిన్నరకు వాళ్ళకు అర్ధరాత్రి అవుతుంది, అక్కడి నుంచి ఇద్దరిదీ ఒకే తేదీ. వేసవిలో ఆ గీత పన్నెండున్నరకు జరుగుతుంది. అక్కడున్నవాళ్ళకైతే చలికాలంలో ఉదయం పదిన్నర అయిందంటే ఇండియాలో రేపు మొదలైనట్టే, వేసవిలో పదకొండున్నర. ఈ రెండు గీతలూ మా ఫ్రిజ్ మీద రాసి అంటించాను.

నెలాఖరున మాత్రం "నిన్న" అన్న మాటను తేదీగా మార్చేటప్పుడు కాస్త ఆగండి. మార్చి 1 పొద్దున మనం ఫోన్ చేస్తే అక్కడ ఫిబ్రవరి 28. అదే 2024లో అయితే 29.

ఫోన్‌లో ప్రపంచ గడియారం ఉంది కదా అంటారు. ఉంది, నిన్నో ఈరోజో కూడా చూపిస్తుంది. కానీ అది చూపేది ఇప్పటి తేడా. అక్టోబరులో చూసి పన్నెండున్నర అనుకుని ఫిబ్రవరి ముహూర్తానికి వాడితే గంట తప్పుతుంది. వాళ్ళ వేసవి గడియారం మార్చి రెండో ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారంతో పోతుంది. 2025లో అవి మార్చి 9, నవంబరు 2. మీ ఫంక్షన్ ఏ రోజో ఆ రోజుకు చూడాలి.

ఇంకో బాధ, ఆఫీసువాళ్ళతో. జూలైలో కూడా మీటింగ్ పిలుపులో "పీఎస్టీ" అని రాస్తారు. అది చలికాలపు పేరు. వేసవిలో పీడీటీ అనాలి. దాన్ని నమ్మి లెక్క వేసినవాడు గంట ఆలస్యంగా వస్తాడు, తిట్లు మాత్రం వాడికే.

అసలు నా అభిప్రాయం అడిగితే, పిలిచేవాళ్ళే ఎదుటివాళ్ళ వారం రాసి పంపాలి. మొన్న మా పిన్ని కూతురి సీమంతానికి అమ్మే స్వయంగా అక్కకు మెసేజ్ పెట్టింది. "మాకు ఆదివారం ఉదయం తొమ్మిది. మీకు శనివారం. శనివారమే. అల్లుడుగారికి కూడా చెప్పు."