రెండు ఆప్షన్లు తెలిసి, మూడోది డౌట్‌గా ఉంటే

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలో ఎ, సి ఖాయం, బి తప్పని తెలుసు, డి మీద డౌట్. పెట్టేయాలా?

సగం సగం నమ్మకమే ఉంటే వదిలేయండి. ఈమధ్య పేపర్లలో మొత్తం సరిగ్గా గుర్తిస్తే 4 మార్కులు. కొన్నే గుర్తించినా, తప్పు ఆప్షన్ లేకపోతే ఒక్కోదానికి 1. ఒక్క తప్పు కలిసినా మైనస్ 2, అంటే తెలిసిన రెండింటి మార్కులూ పోతాయి.

డి సరైనదైతే, పెట్టినందుకు 2 నుంచి 4కి వెళ్తారు, లాభం 2. తప్పయితే? పెట్టకుండా ఉంటే ఎ, సి లకే పూర్తి 4 వచ్చేవి. పెడితే మైనస్ 2. నష్టం 6! చాలామంది ఇక్కడే 4 అని తప్పు లెక్క వేస్తారు. డి మీద 75 శాతానికి మించి నమ్మకం ఉంటేనే పెట్టండి. స్కీమ్ ఏటా మారొచ్చు, కాబట్టి పేపర్ మీది సూచనలు ముందు చదవండి.