అమెరికాలో కటింగ్ అంత ఖరీదెందుకు? చీమకుర్తి గ్రానైట్ లెక్కతో ఒక జవాబు

ప్రశ్న: మా అక్క వాళ్లు డల్లాస్‌లో ఉంటారు. బావ కటింగ్‌కి 25 డాలర్లు ఇస్తాడట. నేను కావలిలో 120 రూపాయలిస్తాను. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే రేటు. మన రూపాయి బలహీనంగా ఉండబట్టేనా ఇదంతా? మనమూ ధనికులమైతే ఇక్కడ కూడా రేట్లు అలా పెరుగుతాయా?

జవాబు:

రూపాయి బలహీనత వల్ల కాదండీ. డాలరుకు ఎన్ని రూపాయలు అన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. 1990ల్లో డాలరుకు వంద యెన్లు దాటి వచ్చే రోజుల్లోనే టోక్యో ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఊళ్లలో ఒకటి. అసలు సంగతి మీరే పట్టుకున్నారు: ఫోను రేటు రెండు చోట్లా ఒకటే, కటింగ్ రేటు మాత్రం వేరు. ఈ రెండూ ఎందుకు విడిపోయాయో చూస్తే చాలు.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌లో ఎగుమతి బిల్లులు చూస్తాను. నల్ల రాయి మీద బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ మాది. పాలిష్ చేసిన స్లాబ్‌కి చదరపు అడుగు ఇంత అని డాలర్లలో రేటు కడతాం. ఓడ కిరాయి, సుంకాలు, మధ్యవాళ్ల మార్జిన్ తీసేస్తే, ఆ స్లాబ్ అమెరికా పోయినా ఒంగోలులో కొత్త ఇంటికి పోయినా రేటులో పెద్ద తేడా నిలవదు. నిలిస్తే చవకగా ఉన్నచోట కొని ఖరీదున్న చోట అమ్మడానికి ఎవరో ఒకరు దిగుతారు.

అదే రాయిని కిచెన్ ప్లాట్‌ఫామ్‌గా బిగించే పని చూడండి. కొలతలు తీయాలి, సింక్‌కి రంధ్రం కోయాలి, అంచులు నున్నగా చేయాలి, తెచ్చి కూర్చోబెట్టాలి. టెక్సాస్‌లో మా బయ్యర్ ఒకాయన చెప్పేవాడు, ఇంటివాళ్లకు వేసే బిల్లులో రాయి ఖరీదు కంటే ఈ పనుల ఖర్చే ఎక్కువని. మన దగ్గర మేస్త్రీ, ఇద్దరు హెల్పర్లు వచ్చి రాయి ఖరీదులో కొద్ది భాగానికే ఆ పని చేసి వెళ్తారు. పనితనంలో మన మేస్త్రీ ఏమీ తీసిపోడు. కానీ స్లాబ్‌ని కంటెయినర్‌లో పంపగలం, మేస్త్రీని పంపలేం. అక్కడి ఇంటావిడ ఇక్కడి మేస్త్రీని పిలిపించుకోలేదు కాబట్టి ఆ రెండు కూలీలూ ఒకదానితో ఒకటి పోటీ పడవు. కటింగ్, ఇంటి అద్దె, ఆటో, ట్యూషన్, హోటల్లో వడ్డన, అన్నీ ఈ కోవలోవే.

అయితే అక్కడి మేస్త్రీకి, బార్బర్‌కి అంత కూలీ ఎందుకివ్వాలి? ఒక ఊహ లెక్క వేద్దాం. అంకెలు నేను కల్పించినవే, లెక్క తేలికగా ఉండాలని.

అడుగు రాయి కోసి పాలిష్ పడితే ప్రపంచ మార్కెట్‌లో 1 డాలర్ వస్తుందనుకోండి. మన దగ్గర ఒక మనిషి రోజుకు 10 అడుగులు తీస్తాడు. అక్కడ పెద్ద మెషీన్లు, ఆగని కరెంటు, మంచి బ్లేడ్లు ఉండబట్టి ఒక మనిషి 150 అడుగులు తీస్తాడు. కూలీ దాన్ని బట్టే ఉంటుంది: ఇక్కడ 10 డాలర్లు, అక్కడ 150. డాలరు 80 రూపాయలైతే ఇక్కడి కూలీ 800.

ఇప్పుడు సెలూన్‌కి రండి. రెండు చోట్లా బార్బర్ రోజుకు పది తలలే కత్తిరించగలడు. కత్తెర అదే, కుర్చీ అదే. కానీ అక్కడి బార్బర్‌కి రోజుకు 150 డాలర్లు మిగలకపోతే సెలూన్ మూసేసి గ్రానైట్ ఫ్యాక్టరీకి పోతాడు. అందుకని కటింగ్ 15 డాలర్లు. ఇక్కడి బార్బర్‌కి 800 మిగిలితే చాలు, కటింగ్ 80 రూపాయలు, అంటే 1 డాలర్. బార్బర్ నైపుణ్యంలో తేడా లేదు. పక్కనున్న ఫ్యాక్టరీ వాడు ఎంత సంపాదిస్తాడన్నదే అతని రేటును నిర్ణయించింది.

ఒక కుటుంబం కొనే బుట్టలో 15 డాలర్ల సరుకులు, ఒక కటింగ్ ఉన్నాయనుకోండి. అక్కడ మొత్తం 30 డాలర్లు. ఇక్కడ 16. అంటే మన ధరల స్థాయి అక్కడిదానిలో 53 శాతం. ధనిక దేశం ఖరీదుగా ఉండటం అంటే ఇదే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మన యూనిట్లలోకి ఒకేసారి ఎన్నో పలకలు కోసే మల్టీవైర్ మెషీన్లు వచ్చి మనిషికి 20 అడుగులు పడుతున్నాయనుకోండి. కూలీ 20 డాలర్లు, 1600 రూపాయలు అవుతుంది. బార్బర్ మాత్రం పది తలల దగ్గరే ఉన్నాడు, అయినా మనిషిని నిలుపుకోవాలంటే కటింగ్ 160 రూపాయలు చేయాలి. మన బుట్ట 17 డాలర్లు, అంటే 57 శాతం. సరుకుల రేట్లు కదల్లేదు, డాలరు రేటు కూడా కదల్లేదు. అయినా అమెరికాతో పోలిస్తే మనం ఖరీదయ్యాం. దీన్నే రియల్ ఎక్స్ఛేంజ్ రేటు పెరగడం అంటారు.

ఇదే ఫలితం ఇంకో దారిలోనూ రావచ్చు. రిజర్వు బ్యాంకు ధరలను పెరగనివ్వకుండా కటింగ్‌ని 80 రూపాయల దగ్గరే ఆపిందనుకోండి. అప్పుడు డాలరు 40 రూపాయలకు దిగాలి. 15 డాలర్ల సరుకులు 600 రూపాయలు, కటింగ్ 80, మొత్తం 680. డాలర్లలో మళ్లీ 17. అంటే ధరలు పెరగనిస్తారా, రూపాయి విలువ పెరగనిస్తారా అన్నదే దేశం చేతిలో ఉంది. బుట్ట 17 డాలర్లకు చేరడం మాత్రం ఉత్పాదకత వల్లే, అంటే ఒక మనిషి రోజుకు తీసే పని పెరగడం వల్లే. ఇంకొకటి, పెరుగుదల ఎగుమతి సరుకుల్లోనే ఉండాలి. కటింగ్‌లో కూడా రోజుకు ఇరవై తలలు చేయగలిగే పద్ధతి ఏదో వస్తే రేటు పెరగాల్సిన అవసరమే లేదు. రెండు రంగాల మధ్య తేడా ఎంత పెరిగిందన్నదే ఇక్కడ పని చేస్తుంది.

ఈ వాదాన్ని 1964లో ఆర్థికవేత్తలు బేలా బలాస్సా, పాల్ శామ్యూల్సన్ విడివిడిగా రాశారు. అంతకు ముందే 1933లో రాయ్ హారడ్ దాని మూలం చెప్పాడు. దేశాల ధరలను నిజంగా కొలిచే అంతర్జాతీయ సర్వేలు తర్వాత పెద్ద ఎత్తున జరిగాయి. 2017 సర్వేలో అమెరికాలో 1 డాలర్‌కు వచ్చేది మన దేశంలో 20.65 రూపాయలకు వస్తుందని తేలింది. బ్యాంకులో ఆ ఏడాది డాలరు సగటు 65.12. భాగిస్తే మన ధరల స్థాయి అమెరికాదానిలో సుమారు 32 శాతం.

నిజ జీవితంలో ఇది స్పష్టంగా కనిపించిన దేశం జపాన్. 1949 నుంచి 1971 దాకా డాలరుకు 360 యెన్లు అని గట్టిగా కట్టేశారు. 1960ల్లో ఉక్కు, ఓడలు, కార్లు, టీవీల్లో మనిషికి వచ్చే ఉత్పత్తి విపరీతంగా పెరిగింది. ఫ్యాక్టరీలకు మనుషులు చాలక పల్లెల నుంచి బడి ముగించిన పిల్లల్ని రైళ్లలో పట్నాలకు తీసుకెళ్లారు. కూలీలు పెరిగాయి. అప్పటి లెక్కల్లో ఫ్యాక్టరీ సరుకుల టోకు ధరలు దాదాపు నిలకడగా ఉన్నాయి, ఇళ్లలో ఖర్చయ్యే వినియోగ ధరలు మాత్రం ఏటా ఐదారు శాతం చొప్పున పెరిగాయి. ఆ మధ్య ఉన్న ఖాళీలో పెద్ద భాగం సేవలది. నా లెక్కలోని మొదటి దారి అది. 1971 తర్వాత ముడి విప్పేశాక యెన్ విలువ పెరగడం మొదలైంది, అది రెండో దారి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కరెన్సీ పైకి కదిలిన ప్రతిసారీ ఇదే కారణం అనుకోకూడదు. 1995లో డాలరుకు 80 యెన్ల కంటే తక్కువకు వచ్చినప్పుడు జపాన్ కార్లు, యంత్రాలు కూడా బయట ఖరీదైపోయి, కంపెనీలు ఫ్యాక్టరీలను వేరే దేశాలకు తరలించాయి. అది పెట్టుబడుల రాకపోకల వల్ల, వడ్డీ రేట్ల వల్ల వచ్చే ఊపు. తేడా పట్టడానికి నేను వాడే గుర్తు ఒకటే: దేశం లోపల సేవలు సరుకుల కంటే వేగంగా ప్రియమవుతున్నాయా? అవుతుంటే ఉత్పాదకత కథ. సరుకులూ సేవలూ కలిసి డాలర్లలో ఒకేసారి ఎగిరితే అది కరెన్సీ మార్కెట్ కథ. ఏడాది రెండేళ్ల మార్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండోదే. ఉత్పాదకత ప్రభావం పదిహేను, ఇరవై ఏళ్ల లెక్కలో కనపడుతుంది.

మరి మన సంగతి? 2011 సర్వేలో అమెరికాలో 1 డాలర్‌కు వచ్చేది మన దగ్గర 15.55 రూపాయలకు వచ్చేది, బ్యాంకులో డాలరు 46.67. అంటే సుమారు 33 శాతం. ఆరేళ్లలో మనం అమెరికా కంటే వేగంగా ఎదిగినా 2017కి అది 32 దగ్గరే ఉంది. సిద్ధాంతం తప్పనుకోకండి. లెక్కలో ఒక మెట్టు ఇక్కడ తెగిపోయింది, అదెక్కడో మా యూనిట్‌లోనే చూడొచ్చు. కొత్త మెషీన్ వచ్చిన మాత్రాన కూలీ పెరగదు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, రాజస్థాన్ నుంచి పనికోసం వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. మనిషి దొరకడం కష్టం కానంతకాలం పెరిగిన ఉత్పత్తి యజమాని లాభంలోకో, బయ్యర్‌కి ఇచ్చే తగ్గింపులోకో పోతుంది. సెలూన్ దాకా రాదు. ఐటీది ఇంకో రకం. అది మన పెద్ద ఎగుమతే, జీతాలూ పెరిగాయి. కానీ కావలి బార్బర్ సెలూన్ మూసి కోడింగ్‌కి పోలేడు కాబట్టి ఆ జీతాలు అతని రేటును నేరుగా లాగవు. హైదరాబాదులో ఆఫీసుల చుట్టుపక్కల అద్దెలను మాత్రం లాగాయి.

మన నెల్లూరు, కడప వైపు నుంచి ఎంతోమంది వెళ్లే కువైట్‌లో ఇదే ఇంకా బాగా తెలుస్తుంది. నూనె వల్ల దేశం ధనికమే, ఒక దినార్ 3 డాలర్లకు పైనే. కానీ అక్కడ కటింగ్ చేసేదీ, కారు నడిపేదీ, ఇళ్లలో వంట చేసేదీ ఎక్కువగా మన దేశం నుంచీ, బంగ్లాదేశ్, ఈజిప్టు లాంటి దేశాల నుంచీ వెళ్లినవాళ్లు. వాళ్ల జీతం నూనె బావి ఎంత సంపాదిస్తుందో దాన్ని బట్టి కాక, వాళ్ల సొంతూరిలో ఎంత వస్తుందో దాని మీద కొంత కలిపి నిర్ణయమవుతుంది. అందుకే అంత సంపదకు తగ్గట్టుగా అక్కడ సేవల రేట్లు లేవు. డల్లాస్‌లో అలా సెలూన్ నడపడానికి ఇక్కడినుంచి మనుషుల్ని తెచ్చుకునే వీలు లేదు, మీ బావ 25 డాలర్లు ఇస్తున్నది అందుకే. కావలిలో మీ 120 ఎప్పుడు గట్టిగా పెరుగుతుందంటే, ఆ కుర్రాడికి సెలూన్ కంటే ఎక్కువిచ్చే ఫ్యాక్టరీ పని సైకిల్ దూరంలో దొరికి, ఆ ఫ్యాక్టరీకి మనుషులు కరువైనప్పుడు.